చుక్కల మందు ఎవరి వంతు?

వృద్ధులైన తల్లిదండ్రులను పిల్లలు ఎలా చూసుకుంటున్నారన్న చర్చ మన దగ్గర ఎక్కువగా రెండు చోట్ల ఆగిపోతుంది. పిల్లల్లో ప్రేమ తగ్గిపోయిందని కొందరంటారు, చట్టం గట్టిగా లేదని మరికొందరంటారు. ఇళ్లలో నిజంగా నడిచే గొడవ ఈ రెండింటికీ దొరకదు. తల్లిదండ్రులను వదిలేసిన పిల్లల గురించి పత్రికల్లో వార్త వస్తుంది గాని, ముగ్గురు పిల్లలూ చూసుకుంటూనే ఒకరి మీద ఒకరు లోపల రగిలిపోయే ఇళ్ల గురించి వార్త రాదు. అలాంటి ఇళ్లే ఎక్కువ. అక్కడ కోపం కోపంలా బయటికి రాదు. ‘రేపు ఎవరు తీస్కపోతరు?’, ‘బిల్లు ఫొటో పెట్టు’, ‘మందులు అయిపోయినయా?’ అన్న మాటల్లో వస్తుంది. ఫోన్లో ముగ్గురు నలుగురు తోబుట్టువులు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపే ఇవాళ ఆ మాటలకు ఇల్లు.

ఇది ఎలా సాగుతుందో చూడడానికి వరంగల్ మట్టెవాడలో ఒక ఇంటిని ఊహించుకుందాం. మనుషులు కల్పితమే, చిక్కులు మాత్రం ఆ సందుల్లో ఏ తలుపు తట్టినా వినిపించేవే. అమ్మకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. బాపు రిటైరైన పంతులు. పాత ఇంట్లోనే ఉంటారు. పెద్ద కొడుకు బట్టల దుకాణం నడుపుతూ భార్యాపిల్లలతో అదే ఇంట్లో ఉంటాడు. బిడ్డ హనుమకొండలో టీచరు. చిన్న కొడుకు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమ్మ కుడికంటికి శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించాలి. గ్రూపులో మాటలు ఇలా మొదలవుతాయి.

తమ్ముడు: ‘అన్నా, అమ్మకు మంచి లెన్స్ వేయించుర్రి. పైసల గురించి చూడకుర్రి, నేను పంపిస్త.’

నాలుగు గంటల తరువాత అన్న: ‘సరే.’

అక్క: ‘శుక్రవారమైతే నాకు సెలవు దొరకది. శనివారం పెట్టిస్తే వస్త.’

అన్న: ‘శనివారం దుకాణం.’

తమ్ముడు: ‘హైదరాబాద్‌ల పెద్ద హాస్పిటల్‌ల చూపిస్తే బాగుండు కదా?’

అన్న: ‘ఎవరు తీస్కపోతరు?’

ఇందులో ఎవరూ తప్పు మాట అనలేదు. లెన్స్, సెలవు, దుకాణం, ప్రయాణం, అన్నీ ఏర్పాట్ల గురించే. కానీ చివరి ప్రశ్న సమాచారం కోసం అడిగింది కాదు. హైదరాబాద్ 150 కిలోమీటర్ల లోపే. రైలెక్కితే రెండు, రెండున్నర గంటలు. తీసుకుపోవాల్సింది తానేనని అన్నకు తెలుసు. పరీక్షకు ఒకసారి, ఆపరేషన్‌కు ఒకసారి, కట్టు విప్పినప్పుడు, వారం తరువాత, నెల తరువాత, ఇలా ఐదారు సార్లు షట్టర్ దించాల్సి వస్తుందనీ తెలుసు. ‘నువ్వు సలహా ఇస్తున్నవు, నేను మోస్తున్న’ అనాల్సిన చోట అతను ‘ఎవరు తీస్కపోతరు?’ అన్నాడు.

మాటకు రెండు అంతస్తులుంటాయని పాల్ వాట్జ్‌లావిక్ బృందం 1967లోనే చెప్పింది. ఒకటి మాటలోని విషయం, రెండోది మాట్లాడుకునేవాళ్ల మధ్య సంబంధం ఎలాంటిదో చెప్పే సూచన. ఆ బృందమే చెప్పిన ఇంకో సంగతి మన గ్రూపుకు ఇంకా బాగా పనికొస్తుంది. గొడవపడే ఇద్దరిలో ప్రతివాడూ తన పనిని ఎదుటివాడి పనికి జవాబుగానే చూస్తాడు. అన్న పొడిపొడిగా రాస్తున్నాడు కాబట్టే తాను అన్నీ అడగాల్సి వస్తోందని తమ్ముడు అనుకుంటాడు. తమ్ముడు అధికారిలా అడుగుతున్నాడు కాబట్టే తాను పొడిగా రాస్తున్నానని అన్న అనుకుంటాడు. మొదలెక్కడో ఇద్దరూ చెప్పలేరు.

గ్రూపుకు ముందు మన దగ్గర వంతులుండేవి. భూమి పంచినప్పుడే పెద్దమనుషులు కూర్చుని, ముసలోళ్లు ఏ నెల ఎవరి ఇంట్లో తినాలో, ఎవరు ఎన్ని బస్తాల వడ్లు కొలవాలో తేల్చేవారు. కొన్నిచోట్ల అమ్మ ఒకరికి, నాన్న ఒకరికి. 1972లో ఎన్టీఆర్, అంజలీదేవి నటించిన ‘బడిపంతులు’లో కొడుకులు ముసలి దంపతులను విడదీసి పంచుకోవడం చూసి జనం ఏడ్చారు. ఏడ్చినవాళ్ల ఊళ్లలోనే ఆ పద్ధతి నడిచేది కూడా. వంతుల క్రూరత్వం తెలిసిందే. నెల కాగానే ట్రంకుపెట్టె సర్దుకుని ఇంకో గడపకు పోవాలి. మతిమరుపు ముదిరిన మనిషికి ఇల్లు మారితే బాత్రూం ఎటో తెలియక తికమక మరింత పెరుగుతుంది. 31 రోజుల నెల ఎవరికి పడిందన్న లెక్కలూ ఉండేవి. అయినా వంతులకు ఒక గుణముంది. లెక్క ఊరందరికీ తెలుసు. ఈ నెల చిన్నోడిదంటే చిన్నోడిదే, కాదనలేడు.

ఇప్పుడు కదలనిది తల్లిదండ్రుల ఇల్లు, కదిలిపోయింది పిల్లలు. అందుకే వంతు నిర్ణయించి రాదు, దగ్గరున్నవాడి మీద దానంతటదే పడుతుంది. మట్టెవాడలో ఉన్నవాడికి తరచూ వినిపించే మాట ‘ఎంజీఎం దగ్గర్నే కదా’. నిజమే, ఆస్పత్రి దగ్గరే. కానీ దగ్గరగా ఉండడం వల్ల పని చిన్నదైపోదు, పిలుపులు ఎక్కువవుతాయి. దూరాన ఉన్నవాడిని ఆపరేషన్‌కే పిలుస్తారు. దగ్గరున్నవాడిని గ్యాస్ నొప్పికీ, కరెంటు పోయినప్పుడూ, బాపు పెన్షన్ పనికీ, లైఫ్ సర్టిఫికెట్‌కూ పిలుస్తారు.

తోబుట్టువులు బాధ్యతను ఎలా పంచుకుంటారన్న దానిపై అమెరికాలో సారా మాథ్యూస్, టీనా రోస్నర్ 1988లో ప్రచురించిన పరిశీలన ఇప్పటికీ పనికొస్తుంది. వాళ్లకు ఐదు తీరులు కనిపించాయి. ఒకరు రోజూ చేస్తారు. ఒకరు పిలిస్తే వచ్చి అండగా నిలుస్తారు. ఒకరు ఒక్క పనికి, అంటే డబ్బుకో వారానికో ఫోనుకో, పరిమితమవుతారు. ఒకరు వీలైనప్పుడు వస్తారు. ఒకరు పూర్తిగా తెగిపోతారు. మనం ఊహించిన ఇంట్లో అన్నది మొదటి తీరు, అక్కది రెండోది, తమ్ముడిది మూడోది. తెగిపోయినవాడు ఇక్కడ లేడు. తెగిపోయినవాడి మీద కోపం ఒకసారి మండి ఆరిపోతుంది కూడా. ఆరనిది రెండో తీరు మీద కోపం. ‘పిలిస్తే వస్త’ అనే అక్క నిజంగానే వస్తుంది. కానీ పిలవడం కూడా ఒక పని. ఎప్పుడు పిలవాలో కనిపెట్టాలి, ఆమె సెలవు చూడాలి, బతిమాలినట్టు వినిపించకుండా అడగాలి. ఆ పని మొదటి తీరువాడికే మిగులుతుంది. ‘నాకు చెప్తే రాకపోదునా?’ అని అక్క నొచ్చుకున్నప్పుడు అన్నకు కోపం రెట్టింపు కావడానికి కారణం ఇదే. ఆమెకు ఈ సంగతి అసలు తెలియదు.

ఆపరేషన్ అయిపోయింది. వరంగల్‌లోనే చేయించారు. శుక్లం తీసి లెన్స్ పెట్టడానికి సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కల మందు ఇస్తారు. డాక్టరును బట్టి మారినా, చాలాచోట్ల రాసే పద్ధతి మొదటి వారం రోజుకు ఆరుసార్లు, రెండో వారం ఐదు, తరువాత నాలుగు, మూడు, రెండు, ఒకటి. లెక్క కట్టండి. ఆరు వారాలకు 147 సార్లు. ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, పెద్దావిడను వెల్లకిలా పడుకోబెట్టాలి, కింది రెప్ప లాగి సీసా మొన కంటికి తగలకుండా ఒక్క చుక్క వేయాలి. ఇంకో మందు కూడా ఉంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. కంట్లో నీళ్లు పడకుండా చూడాలి, ఆమె వంగి బిందె ఎత్తకుండా కాపలా కాయాలి. షుగరున్న మనిషి కాబట్టి భోజనం వేళ తప్పకూడదు.

ఇప్పుడు ఇద్దరి లెక్కలు చూడండి. తమ్ముడి లెక్కలో తాను ఆపరేషన్ చేయించాడు, ఎందుకంటే ఖర్చంతా అతనిదే. అక్క లెక్కలో ఆపరేషన్ రోజు పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆస్పత్రిలో కూర్చున్నది తానే. రెండూ అబద్ధాలు కావు. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ 1979లో భార్యాభర్తలను విడివిడిగా అడిగి చూశారు, ఇంటి పనుల్లో నీ వాటా ఎంత అని. ఇద్దరి వాటాలు కలిపితే నూటికి మించిపోయాయి. అబద్ధమాడడం వల్ల కాదు, ఎవరు చేసింది వాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది కాబట్టి. ముగ్గురు తోబుట్టువుల వాటాలు కలిపితే ఇంకెంత మించుతుందో ఊహించుకోవచ్చు. ఆ 147 చుక్కలు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. ఎందుకో తరువాత చెప్తాను.

రెండో వారంలో గ్రూపు ఇలా ఉంది. మట్టెవాడలో రాత్రి 8 గంటలు, డాలస్‌లో పొద్దున తొమ్మిదిన్నర.

తమ్ముడు: ‘డ్రాప్స్ టైముకు వేస్తున్నరా?’

అన్న జవాబు రాయలేదు. గోడకు అంటించిన చార్టు ఫొటో పెట్టాడు, వేసిన ప్రతిసారికీ టిక్కు ఉంది.

తమ్ముడు ఒక దండం బొమ్మ పెట్టాడు.

మరునాడు అక్క: ‘నేనొచ్చినప్పుడు మధ్యాహ్నం చుక్కలు ఒకసారి తప్పినయి. షుగర్ ఉన్న మనిషి, జర చూసుకోవాలె.’

అన్న: ‘అమ్మను మేం చూసుకుంటం.’

నా దృష్టిలో ఈ నాలుగైదు వాక్యాల్లోనే మొత్తం విషయముంది. ఫొటో సంగతి చూడండి. తోబుట్టువు అడిగిన మాటకు మాటతో కాక రుజువుతో జవాబు చెప్పడం మొదలైతే, ఆ ఇంట్లో ఒకరు యజమాని, ఒకరు పనివాడు అయ్యారని అర్థం. తమ్ముడికి ఆ ఉద్దేశం లేదు. దూరాన ఉన్నవాడికి ఆందోళన చూపించుకునే దారి ప్రశ్న ఒక్కటే. పక్కన కూర్చుని కాళ్లు పిసకలేడు కాబట్టి అడుగుతాడు. అయినా డబ్బు పంపినవాడు అడిగితే అది తనిఖీలాగే వినిపిస్తుంది. పైగా తాను పంపిన డబ్బు ఖరీదైన లెన్స్‌కు పోయింది. అదే డబ్బుతో ఆరు వారాలు పగటిపూట ఒక ఆయాను పెట్టి ఉంటే అన్న ఇంట్లో కొన్ని వందల గంటలు మిగిలేవి. ఎందుకు పెట్టలేదంటే, లెన్స్ అమ్మకు ఇచ్చిన కానుకలా కనిపిస్తుంది, ఆయా అన్నకు ఇచ్చిన జీతంలా కనిపిస్తుంది. తమ్ముడు అడగడానికి మొహమాటపడ్డాడు. అన్న అడిగితే తల్లి బరువైందని ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాడు. గ్రూపులో ఎవరూ ‘నాకు అలసటగా ఉంది’ అని రాయకపోవడానికి కారణం ఇదే. ఆ మాటను ‘అమ్మ భారం’ అని చదువుకుంటారు. ఇంకో గ్రూపులో మేనత్తలూ బాబాయిలూ ఉంటారు. అందుకని అలసట అంతా తేదీలుగా, టైములుగా మారి వస్తుంది.

అక్క వాక్యంలో కర్త లేడు. చుక్కలు ‘తప్పినయి’, ‘చూసుకోవాలె’. ఎవరు తప్పించారో, ఎవరు చూసుకోవాలో అనలేదు. మన భాష ఈ సదుపాయం ఇస్తుంది, కుటుంబాలు దాన్ని బాగా వాడుకుంటాయి. నిందించకుండానే నింద వేయొచ్చు. దానికి అన్న చెప్పిన జవాబులో ‘మనం’ పోయి ‘మేం’ వచ్చింది. అమ్మ విషయంలో నిన్నటిదాకా ‘మనం’ అన్న మనిషి ఒకరోజు ‘మేం’ అంటే, అవతలివాళ్లను గడప బయట నిలబెట్టినట్టే.

ఇలా చదవడంలో ఒక ప్రమాదముంది, దాన్నీ చెప్పాలి. ప్రతి ‘సరే’లోనూ పుల్లవిరుపు వెతికితే మనిషి పిచ్చెక్కిపోతాడు. నాలుగు గంటల ఆలస్యం దుకాణంలో గిరాకీ వల్లే కావచ్చు. తేడా కనిపెట్టడానికి నాకు నమ్మకమైన పరీక్ష ఒక్కటే. ఆ ఏర్పాటును నిజంగా తీర్చి చూడాలి. ‘శనివారం దుకాణం’ అన్నప్పుడు అక్క ‘అయితే నేనే తీస్కపోత, నువ్వు రావద్దు’ అందనుకుందాం. అన్న ‘హమ్మయ్య’ అంటే అది దుకాణం గొడవే. ‘నీకెందుకు ఇబ్బంది’ అని అడ్డం చెప్పి, రెండు రోజులకు ఆటో గురించో బిల్లు గురించో అదే గొంతుతో మాట్లాడితే, చిక్కు శనివారంలో లేదు.

మరి ఎక్కడుంది? కొన్ని ఇళ్లలో చాలా వెనక ఉంటుంది. తమ్ముడి చదువుకు అమ్మిన ఎకరం, అన్న డిగ్రీ మధ్యలో ఆపి దుకాణంలో కూర్చోవడం, అక్క పెళ్లికి ఇచ్చింది, ఇవ్వనిది. ఉమ్మడి రాష్ట్రంలో 1985 సవరణ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. 2005లో కేంద్రం ఆ హద్దు తీసేసింది. వాటా అడగని అక్కలు ఇప్పటికీ ఎందరో. అడగని అక్క ‘నేను ఏం తీసుకోలేదు కదా’ అని మనసులో అనుకుంటుంది, అన్న ‘రేపు అడుగుతదేమో’ అనుకుంటాడు. ఇద్దరూ చుక్కల గురించి మాట్లాడుకుంటారు.

బెరిట్ ఇంగర్సోల్-డేటన్ బృందం 2003లో చూపించిన సంగతి ఇక్కడ అతుకుతుంది. పంపకం సమంగా లేనప్పుడు తోబుట్టువులు రెండు రకాలుగా సర్దుకుంటారట. పనిని మార్చుకుంటారు, లేదా పనిని చూసే చూపును మార్చుకుంటారు. ‘వాడు దూరంగ ఉన్నడు’, ‘దానికి అత్తగారు మంచాన ఉన్నది’ అన్నవి చూపు మార్చే మాటలు. అవి మోసం కావు, చాలా ఇళ్లు వాటి మీదే నిలబడ్డాయి. చెడేది ఎప్పుడంటే, ఆ కారణం తీరిపోయాక కూడా పంపకం మారనప్పుడు. అక్క అత్తగారు పోయి రెండేళ్లయింది, వంతు మాత్రం అలాగే ఉంది. తమ్ముడికి ఇంటినుంచి పని చేసే వీలొచ్చింది, వచ్చేది మాత్రం బతుకమ్మకు పది రోజులే.

చట్టం దగ్గరికి వస్తే, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమే తల్లిదండ్రుల పోషణ కొడుకుతోపాటు కూతురికీ బాధ్యత అంది. పెళ్లయిన కూతురు కూడా తండ్రికి మనోవర్తి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1987లో విజయ మనోహర్ అర్బత్ కేసులో చెప్పింది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. 90 రోజుల్లో తేల్చాలి, నెలకు గరిష్ఠం 10,000 రూపాయలు. అందులో ఐదో సెక్షన్‌లో తక్కువమంది గమనించే ఒక వెసులుబాటుంది. తల్లి ఒక్క కొడుకు మీదే దరఖాస్తు పెట్టినా, ఆ కొడుకు మిగతా తోబుట్టువులను కూడా కేసులోకి లాగొచ్చు. అంటే తోబుట్టువుల మధ్య పంపకం గొడవ ఉంటుందని చట్టానికి తెలుసు. కానీ అది రూపాయలనే పంచగలదు. రాత్రి రెండు గంటలకు లేవడాన్ని ఏ ఆర్డీవో మూడు భాగాలు చేయలేడు. 10,000 రూపాయలకు పరిమితమైన చట్టం దగ్గర తమ్ముడు మొదటిరోజే నిర్దోషి.

ఇప్పుడు ఆ 147 చుక్కల సంగతి. వేసింది అన్న కాదు. పొద్దున తొమ్మిదినుంచి రాత్రి తొమ్మిదిదాకా అన్న దుకాణంలో ఉంటాడు. వేసింది కోడలు. ఆమె గ్రూపులో లేదు, అది ‘మా ముగ్గురి’ గ్రూపు. 2007 చట్టం ‘పిల్లలు’ అన్న మాటకు ఇచ్చిన అర్థంలో కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు ఉన్నారు, కోడలు లేదు. పరిశోధకుల ఐదు తీరులూ తోబుట్టువులవే. ఏ లెక్కలోనూ లేని మనిషి మీద అన్ని లెక్కలూ నిలబడ్డాయి. అన్న ‘మేం’ అన్నప్పుడు ఆ మాటలో సగానికంటే ఎక్కువ ఆమే. అక్క ‘తప్పినయి’ అన్నప్పుడు దెబ్బ తగిలింది ఆమెకే. ఆ రాత్రి వంటింట్లో ఆమె అన్న మాటలే మరునాడు అన్న గొంతులో, తేదీల రూపంలో, గ్రూపులోకి వచ్చాయి. పైగా ఆమెకు నర్సంపేటలో తన తల్లి ఉంది. అక్కడి తోబుట్టువుల గ్రూపులో ఆమె ‘పిలిస్తే వస్త’ అనే ఆడబిడ్డ.

పంపకం మార్చాలనుకునేవాళ్లు మొదట మార్చాల్సింది పని కొలతను. ‘శుక్రవారం ఎవరు?’ అని ఒక్కో పనిని వేలం వేసినంతకాలం దగ్గరున్నవాళ్లే పాడుకుంటారు. దూరాన ఉన్నవాడికి ముక్కలు కాకుండా ఒక భాగం మొత్తంగా ఇవ్వాలి. మందులు తెప్పించడం, ఇన్సూరెన్స్ కాగితాలు, డాక్టరుతో అపాయింట్‌మెంట్లు, బాపు పెన్షన్ కాగితాలు, ఇవన్నీ డాలస్ నుంచే చేయొచ్చు. చేస్తే ‘మందులు అయిపోయినయా?’ అని అడిగే మనిషి, అయిపోకుండా చూసే మనిషి ఒక్కడే అవుతాడు. రెండోది, ఏ ఆస్పత్రి, ఏ రోజు అన్న నిర్ణయం చేతులతో చేసేవాళ్లదే కావాలి, డబ్బు పంపేవాళ్లు అభిప్రాయం చెప్పి ఆగాలి. ఇది తమ్ముళ్లకు కష్టమే. మూడోది, సెలవు. పండుగకు వచ్చే పది రోజులు అతిథిగా కాకుండా, అన్నావదినలను ఇంటినుంచి బయటికి పంపి ఒక్కడే చూసుకుంటే, చార్టులో టిక్కు పెట్టడమేమిటో తెలుస్తుంది. ఇవేవీ ఎకరం గొడవను తీర్చవు. అది తీరకుండానే చాలా ఇళ్లు బాగా నడుస్తాయి.

అమ్మ ఎడమకంట్లో కూడా పొర మొదలైందని డాక్టరు చెప్పాడు. కొన్ని నెలల్లో చేయించాలి. గ్రూపులో అక్క అప్పుడే రాసింది, ‘ఈసారి వేసవి సెలవులల్ల పెట్టిద్దాం, ఆర్వారాలు అమ్మను నా దగ్గర ఉంచుకుంట.’ తమ్ముడు ‘ఈసారి ఆయా జీతం నాది’ అన్నాడు. అన్న ఇంకా జవాబివ్వలేదు. వదినను అడిగి చెప్తాడేమో. అమ్మను ఇంకా ఎవరూ అడగలేదు.